మా అక్క చెంప మీద మచ్చ తీసెయ్యమని ఎవరు అడిగారు?

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం కాదు, దాని ముందు ఆదివారం మీ అనుబంధంలో వేసిన పోటీ గురించి రాస్తున్నా. రాద్దాం రాద్దాం అనుకుంటూనే పది రోజులు గడిచిపోయాయి, ఈపాటికి ఎంట్రీలు కూడా కుప్పలుగా వచ్చేసి ఉంటాయి. అదేనండీ, ఫ్రెండ్ ముఖమో చుట్టాల ముఖమో సరదాగా మార్చి పంపమన్నారు, బాగున్నవి అచ్చేస్తామన్నారు. దానికింద చిన్నక్షరాల్లో నిబంధనలు చదివా. పంపేవాళ్ల పేరు, వయసు, ఫోన్ నంబరు కావాలట, ఫొటో క్లియర్‌గా ఉండాలట, తుది నిర్ణయం మీదేనట. అన్నీ గుర్తొచ్చాయి గానీ ఆ ముఖం ఎవరిదో వాళ్లని ఒకసారి అడగాలన్న ముక్క మాత్రం ఎవరికీ తట్టలేదు. ముఖం ఒకరిది, పేరు ఇంకొకరిది, బహుమతి కూడా ఇంకొకరికే. భలే పోటీ.

సరదాకి ఇంత గోలెందుకు అంటారేమో. మా ఇంట్లో జరిగింది చెప్తా, అది వెక్కిరింపు కూడా కాదు, మంచి చేద్దామని చేసిందే.

మా అక్కకి బొల్లి ఉంది. ఎడమ చెంప మీద చెవి దగ్గర్నుంచి కిందకి, మెడ మీద కొంచెం, వేళ్ల మీద కొంచెం. అంటేది కాదు, చర్మానికి రంగిచ్చే కణాలు పోవడమే, అంతే. కానీ ఆ అంతే అనుకోవడానికి దానికి పన్నెండేళ్లు పట్టింది. ఫొటో తీస్తుంటే ఎప్పుడూ కుడివైపు తిరిగి నిలబడేది, లేకపోతే మందంగా క్రీమ్ పూసుకునేది. రెండేళ్ల కిందట ఇంక చాలని అవన్నీ మానేసి మామూలుగా బయటికి రావడం మొదలుపెట్టింది. నేరుగా కెమెరా వైపు చూసి దిగిన ఫొటోలు దానివి మొత్తం కలిపి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

దాని పుట్టినరోజుకి మా పిన్ని కొడుకు అందులోంచే ఒకటి తీసుకుని, చెంప మీద మచ్చ మొత్తం తుడిచేసి, పనిలో పనిగా దవడ కాస్త సన్నం చేసి, శుభాకాంక్షలు రాసి పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. పెట్టింది ఒక్క గ్రూపులోనే, అది నిజం. మా అక్క సాయంత్రం దాకా ఫోన్ చూసుకోలేదు. చూసేసరికి నలభై మెసేజులు. "అబ్బ ఎంత బాగున్నావే", "మొత్తానికి తగ్గిపోయిందన్నమాట", "ఏ డాక్టరమ్మా, నంబరివ్వు, మా తోడికోడలి కూతురికీ ఉంది". మా మేనత్త అయితే ఫోన్ చేసి ఏడ్చేసింది, సంతోషంతో, ఇన్నేళ్లకి దేవుడు కరుణించాడని. ఇప్పుడావిడకి "లేదత్తా, తగ్గలేదు, తమ్ముడు ఫోన్లో తుడిచాడు" అని ఎవరు చెప్పాలి? మా అక్కే చెప్పింది. ఒక్కొక్కరికీ విడివిడిగా, పుట్టినరోజు రాత్రి పదకొండు దాకా కూర్చుని, తనకి ఇంకా బొల్లి ఉందని చెప్పుకుంది.

ఇక్కడ విచిత్రమేంటంటే కాస్త పరీక్షగా చూసుంటే అది ఎడిట్ అని ఎవరికైనా తెలిసిపోయేది. చెంప మీద మచ్చ లేదు, మెడ మీద ఉంది, గడ్డం కింద పెట్టుకున్న వేళ్ల మీదా ఉంది. మచ్చలు తుడిచే బ్రష్ ఏం చేస్తుందంటే పక్కనున్న చర్మం తెచ్చి అక్కడ అద్దుతుంది, అందుకే ఆ చెంప ఒక్కటీ మైనంలా నున్నగా ఉంది, రెండో చెంప మీద సన్న గీతలు అలాగే ఉన్నాయి. దవడ సన్నం చేసినప్పుడు ముఖంతో పాటు వెనకున్నదీ లోపలికి లాగుతుంది కాబట్టి మా అక్క భుజం పక్కనున్న తలుపు చట్రం విల్లులా వంగిపోయింది. తలుపు వంగడం చూళ్లేదు గానీ జబ్బు నయమైందని మాత్రం అందరూ నమ్మేశారు. మనం ఫొటోలో చూసేది చూడాలనుకున్నదే కాబోలు.

సరే వాడికి ఫోన్ చేస్తే, "అక్కా, నేను నిన్నేమన్నా వెక్కిరించానా, బాగుంటుందనే కదా చేశా, ఫొటో నువ్వే కదా నాకు పంపావు" అన్నాడు. పాపం నిజంగానే అర్థం కాలేదు వాడికి. ఫొటో దిగడానికి ఒప్పుకోవడం వేరు, దాన్ని మార్చడానికి ఒప్పుకోవడం వేరు, మార్చింది నలుగురి ముందు పెట్టడానికి ఒప్పుకోవడం ఇంకా వేరు. మొదటిదానికి ఊ అన్నారు కదాని మిగతా రెండూ అందులోనే కలిపేసుకుంటున్నాం. పైగా వెక్కిరిస్తూ మారిస్తే కోప్పడొచ్చు, అందంగా మారిస్తే కోప్పడ్డవాళ్లదే తప్పైపోతుంది. "నీ అసలు ముఖం నలుగురికీ చూపించేలా లేదు" అని వాడు నోటితో అనలేదు, ఫొటోతో అన్నాడు.

తర్వాత వెనక్కి తీసే పని. వాట్సాప్‌లో అందరికీ డిలీట్ చేసే వీలు రెండు రోజుల పైచిలుకు ఉంటుంది కాబట్టి ఆ రాత్రే వాడు గ్రూపులోంచి తీసేశాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాడు. కానీ అప్పటికే మా మేనత్త ఇంకో రెండు గ్రూపులకి పంపించేసింది, ఆవిడ పంపింది ఆవిడ మెసేజు, వీడు డిలీట్ కొడితే అది పోదు, ఆవిడే తియ్యాలి, లేకపోతే ఆ గ్రూపు అడ్మిన్ తియ్యాలి. కొంతమంది ఫోన్లలో ఫొటోలు వాటంతటవే గ్యాలరీలో సేవ్ అవుతాయి, అవి మెసేజు పోయినా పోవు. ఇంకో మహానుభావుడు అక్క ముఖం కత్తిరించి స్టిక్కర్ చేశాడు. స్టిక్కర్ ఎవరైనా ఒకసారి ఫేవరెట్స్‌లో దాచుకున్నారంటే ఇంక అది వాళ్ల సొంతం, ఎవరి పెళ్లిరోజుకైనా మా అక్క చెంప ఊడిపడుతుంది. నేను కూర్చుని ఎవరెవరికి వెళ్లిందో కాగితం మీద రాసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశా. పదిహేడు మంది తేలారు. పద్నాలుగు మంది తీసేశామన్నారు. ముగ్గురు "బాగుందిగా, ఉండనీ" అన్నారు. ఉండనీ అనడానికి వీళ్లెవరండీ?

ఇంతలో మా బంధువొకాయన దాన్ని బయట ఇంకో సైట్‌లో కూడా పెట్టారని తెలిసింది. రిపోర్ట్ కొడితే నిబంధనలకి విరుద్ధంగా ఏమీ లేదని జవాబు. పోనీ అని ఫిర్యాదు తీసుకునే చోటికి వెళ్తే అక్కడాయన ఫొటో అటూ ఇటూ తిప్పి చూసి "అసభ్యంగా ఏం లేదు కదమ్మా, నిజం చెప్పాలంటే బాగానే ఉన్నారు" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఆయన చూపించిన ఫిర్యాదు ఫారంలో గళ్లన్నీ బట్టలు తీసేసిన ఫొటోకి, బెదిరింపుకి, డబ్బు మోసానికి. మనిషి ముఖాన్ని మనిషికి చెప్పకుండా మార్చారన్నదానికి గడే మాకు కనపడలేదు. అదే పాస్‌పోర్టు దగ్గరైతే రీటచ్ చేసిన ఫొటో ఒప్పుకోరు, అక్కడ మచ్చ ఉంటే మచ్చతోనే కావాలి. అంటే ప్రభుత్వానికి మన అసలు ముఖమే కావాలి, మన అసలు ముఖం మనకి కావాలంటే మాత్రం మాకు ఏ కౌంటరూ దొరకలేదు.

ఇంటి విషయం ఇంట్లో చూసుకోవాలిగా అనేవాళ్లకి ఒకటి చెప్తా. నెదర్లాండ్స్‌లో ఒక అమ్మమ్మ మనవల ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టింది. పిల్లల తల్లి, అంటే ఆవిడ సొంత కూతురే, తియ్యమంటే తియ్యలేదు. కోర్టు దాకా వెళ్లింది. తియ్యకపోతే రోజుకి 50 యూరోల చొప్పున కట్టాలని 2020లో తీర్పిచ్చారు. అక్కడి డేటా చట్టంలో ఇంటి అవసరాలకి మినహాయింపు ఉంది, కానీ ఫేస్‌బుక్‌లో పెట్టాక అది ఎవరి చేతికైనా చేరొచ్చు కాబట్టి దాన్ని ఇంటి వ్యవహారంగా చూడలేమన్నారు. అవి ఎడిట్ చేసిన ఫొటోలు కూడా కాదు, మామూలువే. అమ్మమ్మ మీద కోర్టుకెళ్లాలని నేననను, మా అక్క కూడా అనదు. ఫేస్‌బుక్‌లో పెట్టడం అంటే ఇంట్లో పెట్టడం కాదని మాత్రం అక్కడ తేల్చారు.

మరి అడగడం ఎలా అంటే అదీ చెప్తా, ఎందుకంటే మా తమ్ముడు ఆ తర్వాత ఇంకోసారి అడిగాడు, అదీ తప్పుగానే అడిగాడు. గ్రూపులోనే ఫొటో పెట్టి "అక్కా ఇది ఓకేనా?" అన్నాడు. అందరూ చూశాక అడిగేదేముంది. దానికి లేదనడమంటే పదిమందిలో మొహం మాడ్చుకోవడమే. ఎవరి ముఖమైతే వాళ్లొక్కరికే పంపాలి, అసలుదీ మార్చిందీ రెండూ పక్కపక్కన పంపాలి, ఏం మార్చారో చెప్పాలి, ఎక్కడ పెడుతున్నారో చెప్పాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి. రెండు నీలం టిక్కులు పడ్డాయంటే చూశారని, సరేనన్నారని కాదు. వద్దంటే ఎందుకని అడక్కూడదు. ఇంకోటి, చాలా ఫోన్లలో కెమెరాలోనే బ్యూటీ మోడ్ ఆన్ అయి ఉంటుంది, నేనేం ఎడిట్ చెయ్యలేదు అనేవాళ్లు ముందు అది చూసుకోవాలి. మా తమ్ముడి ఫోన్లోనూ ఉంది, వాడికే తెలీదు.

గ్రూప్ ఫొటోలో ఒకరు వద్దంటే వాళ్ల ముఖం మీద ఫోన్లోని మార్కర్‌తో గీసి పంపేవాళ్లూ ఉన్నారు. హైలైటర్ లాంటి పలచటి మార్కర్‌తో గీస్తే ఎన్నిసార్లు రుద్దినా, ఆ తర్వాత ఎవరైనా వెలుతురు పెంచి చూస్తే కింద ముఖం కనపడిపోవచ్చు. కప్పాలంటే మందంగా ఒకే రంగు గడి వెయ్యండి, లేదా వాళ్లని కత్తిరించెయ్యండి, లేదా ఆ ఫొటో మానెయ్యండి. మానెయ్యడం అనేది ఒకటుందని ఎవరికీ గుర్తుండదు.

ఇక మీ సంగతి. ఒకప్పుడు మీ పేపర్లో ఎవరిదన్నా ఫొటో వెయ్యాలంటే మీ విలేకరి ఇంటికొచ్చి అడిగి తీసుకెళ్లి, జాగ్రత్తగా తిరిగి తెచ్చిచ్చేవాడు. మా నాన్న పదవీ విరమణ ఫొటో అలాగే వేశారు, పేరు తప్పేశారనుకోండి, కానీ అడిగి వేశారు. ఇప్పుడు పాఠకులే ఊళ్లోవాళ్ల ముఖాలు పట్టుకొచ్చి ఇస్తుంటే మీకు సులువైపోయింది. వచ్చిన ఎంట్రీల్లో ఆ ముఖాలవాళ్లకి ఫోన్ చేసి, మార్చిన ఫొటో పంపించి, సరేనన్నవాళ్లవి మాత్రమే వెయ్యండి. ఎంతమంది సరేనన్నారో అది కూడా వెయ్యండి, చదువుతాం. అలా చెయ్యలేకపోతే పోటీ రద్దని నాలుగు లైన్లు వెయ్యండి, జాగా లేకపోతే రాశిఫలాలు ఒకరోజు ఆపినా కొంపలేం మునగవు.

ఈ ఉత్తరం అక్కకి చూపించే పంపుతున్నా. ఒక పేరా తీసెయ్యమంది, ఎందుకని అడక్కుండా తీసేశా. పేర్లూ ఊరూ వద్దంది, బొల్లి సంగతి ఉండనీ అంది. మీరు వేస్తే బొమ్మ లేకుండా వెయ్యండి.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు