ఈసారి క్యాంపులో ముందు అంగిలి, తర్వాతే పళ్ళు

"మేడమ్, క్రితంసారి ఫ్రీ చెకప్ అంటే వచ్చాం. మూడు నిమిషాలు చూసి, పదకొండు వేల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఈసారీ అంతేనా?"

అంతే కాదండీ. కానీ మీరన్నది నిజం. క్రితంసారి ఒక్క పూటలో, రెండు కుర్చీల మీద, 130 మందిని చూశాం. లెక్కేస్తే మనిషికి నాలుగు నిమిషాలు కూడా రాలేదు. ఆ హడావిడిలో పుచ్చిన పళ్ళు లెక్కపెట్టి, రేట్లు రాసి పంపేశాం. నోరు చూశామని మాత్రం నేను అనలేను.

ఈ నెల రెండో శనివారం, ఆ మర్నాడు ఆదివారం మళ్ళీ పెడుతున్నాం. రోజుకి 40 టోకెన్లే. ఒక్కొక్కరికి పన్నెండు నిమిషాలు. వేళ కూడా మార్చాం: మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఏడున్నర దాకా. క్రితంసారి పొద్దున్న తొమ్మిదికి పెట్టాం. మేము పెదవాల్తేరులో ఉంటాం, జాలారిపేట మాకు నడిచి వెళ్ళే దూరం. అయినా అక్కణ్ణుంచి ఆడవాళ్ళు ఒక్కరూ రాలేదు. ఎందుకు రాలేదా అని రెండు రోజులు ఆలోచించాను, తర్వాత నాకే నవ్వొచ్చింది. పొద్దున్న తొమ్మిదికి వాళ్ళు చేపల బుట్టతో ఏ వీధిలో ఉంటారో మా వంటింటి కిటికీలోంచి నాకే కనబడుతుంది కదా.

వాళ్ళ కోసం వేళ మార్చడానికి ఒక కారణం ఉంది.

క్యాంపు అయిన కొన్నాళ్ళకి ఒకావిడ మనవణ్ణి తీసుకొచ్చింది. అరవై దాటిన మనిషి. పిల్లాడి పాలపన్ను ఊడకుండానే వెనక నుంచి కొత్త పన్ను వచ్చేస్తోంది, అదీ బాధ. "మా గుంటడికి సూడండి డాక్టరమ్మా, నాకేటీ అవసరం నేదు" అంది. పాలపన్ను తీసేశాం, అయిదు నిమిషాల పని. పిల్లాడు ఏడవలేదని ఆవిడ నోరంతా తెరిచి నవ్వింది. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను, లైటు ఇంకా వెలుగుతోంది. అంగిలి కనబడింది.

ముందు భాగమంతా బూడిద కలిసిన తెలుపు, ఎండిన చెరువు నేలలా సన్నటి పగుళ్ళు. ఆ తెలుపు మధ్య ఆవగింజంత ఎర్ర చుక్కలు. "సుట్ట కాలుస్తావా అమ్మా?" అనడిగితే, "అడ్డపొగే, పెళ్ళికి ముందు కాణ్ణించీ" అంది.

ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకి అడ్డపొగ గురించి చెప్పక్కర్లేదు. చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. విశాఖ, శ్రీకాకుళం తీరంలో ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్ళలో ఉన్న అలవాటు. సముద్రపు గాలికి నిప్పు ఆరదని, బూడిద చేపల మీద రాలదని, ఒక చుట్ట ఎక్కువసేపు వస్తుందని చెబుతారు. అవన్నీ నిజమే. అయితే ఆ నిప్పు సెగ, పొగ రెండూ నేరుగా అంగిలికే తగులుతాయి. అంగిలి చర్మం కమిలి, దళసరెక్కి తెల్లబడుతుంది. అక్కడున్న చిన్న చిన్న లాలాజల గ్రంథుల నోళ్ళు వాచి ఎర్ర చుక్కల్లా కనిపిస్తాయి. మామూలుగా చుట్ట, సిగరెట్ కాల్చేవాళ్ళకీ అంగిలి ఇలా తెల్లబడొచ్చు. మానేస్తే చాలామందికి అది తగ్గిపోతుంది, అంగిలి వరకు దాంతో పెద్ద భయం లేదు. అడ్డపొగ వాళ్ళ అంగిలి మచ్చలు అలా కాదు. క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న మచ్చల జాబితాలో వైద్యులు వీటిని విడిగా చేర్చారు.

ఆవిడ విషయంలో నన్ను ఆపింది ఆ తెలుపు కాదు. దాని వెనకగా, ఎడమ పక్కన, చిటికెన వేలి గోరంత ఎర్రటి మచ్చ. పైన గరుకుగా ఉంది. గ్లవ్ వేసుకున్న వేలితో నొక్కితే నొప్పి లేదంది. నొప్పి లేదంటే వాళ్ళకి ధైర్యం, నాకు అనుమానం. నోట్లో మామూలు పుండు మండుతుంది, కారం తిననివ్వదు. ఇలాంటి మచ్చ మొదట్లో ఏమీ చెయ్యదు, అందుకే ఎవరూ చూపించుకోరు.

ఆ రోజు నేను భయపెట్టలేదు, ఫరవాలేదనీ అనలేదు. మచ్చకి ఫొటో తీసి, చుట్ట మానేసి రెండు వారాలకి రమ్మన్నాను. ఆ రెండు వారాల లెక్క ఎందుకంటే, పన్ను గీసుకునో, వేడికి కాలో వచ్చిన పుండైతే, కారణం తీసేశాక ఆ లోపు మానే దారిలో పడుతుంది. పడకపోతే కంటితో చూసి తేల్చే పని కాదు, ముక్క తీసి పరీక్షకి పంపాల్సిందే. నా అనుభవం ఎంతున్నా, చూపుతో "ఇది క్యాన్సర్ కాదు" అనే హక్కు నాకు లేదు.

రెండు వారాలన్నది మూడయ్యాక వచ్చింది. పాత ఫొటో పక్కన పెట్టి చూశాం. తెలుపు కాస్త పలచబడింది. ఎర్ర మచ్చ అలాగే ఉంది. బయాప్సీకి ఓరల్ సర్జన్ దగ్గరికి పంపాను. ఆ మాట వినగానే కొడుకు ముఖం పాలిపోయింది. ముక్క కోస్తే జబ్బు పాకుతుందని ఎవరో చెప్పారట. పాకదు. మత్తు సూది ఇచ్చి బియ్యపు గింజ కంటే కాస్త పెద్ద ముక్క తీస్తారు, ఒకటో రెండో కుట్లు, ఆ పూటే ఇంటికి. రిపోర్టులో డిస్‌ప్లేషియా, మధ్య స్థాయి అని వచ్చింది. అంటే కణాలు దారి తప్పడం మొదలైంది, ఇంకా క్యాన్సర్ కాలేదు. మచ్చ మొత్తం తీసేశారు. ఇప్పుడు మూడు నెలలకోసారి వస్తోంది.

చుట్ట మానిందా అంటే, మానలేదు. "తిప్పి కాల్సడం మానేశాను గదమ్మా" అంటుంది, నాకేదో పెద్ద బహుమతి ఇచ్చినట్టు. సెగ తగ్గింది, పొగాకు తగ్గలేదు అని చెబుతూనే ఉన్నాను. వచ్చినప్పుడల్లా ఇద్దరం ఈ విషయం మీద కాసేపు వాదించుకుంటాం, తర్వాత అంగిలి చూస్తాను.

ఆవిడ తనకోసం రాలేదు. పంటి నొప్పి లేదు కాబట్టి ఎప్పటికీ వచ్చేది కాదు. అందుకే ఈసారి పన్నెండు నిమిషాల్లో మొదటి ఆరు నిమిషాలు పళ్ళకి సంబంధించినవి కావు. ముందు మెడ, దవడ కింద గడ్డలేమైనా తగులుతున్నాయా అని వేళ్ళతో చూస్తాం. తర్వాత పెదాల లోపలి వైపు, రెండు బుగ్గలు. నాలుకని గాజుగుడ్డతో పట్టుకుని బయటికి లాగి రెండు అంచులూ చూస్తాం, కొందరికి కాస్త వాంతొచ్చినట్టు ఉంటుంది, ఓర్చుకోండి. నాలుక కింద, చివరికి తల వెనక్కి వాల్చి అంగిలి. కట్టుడు పళ్ళ సెట్టు ఉన్నవాళ్ళు అది తీసి చూపించాలి. అందరి ముందు తియ్యడానికి మొహమాటపడతారని కుర్చీకి తెర కట్టిస్తున్నాను. సెట్టు కింద అంగిలి చూడకుండా పంపడం క్రితంసారి మేము చేసిన తప్పుల్లో ఒకటి.

గుట్కా, ఖైనీ, వక్కపొడి అలవాటున్నవాళ్ళు రాకముందు ఇంట్లోనే ఒకటి చూసుకోవచ్చు. మీ చేతి మూడు వేళ్ళు, చూపుడు, మధ్య, ఉంగరం, కలిపి నిలువుగా పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య పెట్టండి. మూడూ పట్టాలి. రెండే పడుతున్నా, ఆవకాయ తింటే బుగ్గలు మునుపటి కంటే మండుతున్నా, వక్క వల్ల బుగ్గ లోపల నార కట్టడం మొదలై ఉండొచ్చు. వాళ్ళు క్యాంపు దాకా ఆగక్కర్లేదు, ఏ రోజైనా రండి, అది చూడటానికి డబ్బు తీసుకోను. దవడ వాచి జ్వరం ఉన్నా, మింగలేకపోతున్నా మాత్రం నా దగ్గరికి కూడా వద్దు, నేరుగా కేజీహెచ్ క్యాజువాల్టీకి వెళ్ళండి.

ఇక డబ్బు సంగతి. మీ ప్రశ్న అదే కదా. చూడటం, మచ్చ ఉంటే ఫొటో, రెండు వారాల తర్వాత మళ్ళీ చూడటం, పంపాల్సొస్తే చీటీ రాయడం, ఇవన్నీ ఉచితం. క్లీనింగ్, ఫిల్లింగ్, పన్ను తియ్యడం ఉచితం కాదు, ఆ రెండు రోజులూ అవేవీ చెయ్యం కూడా. ఎక్స్‌రే 150 రూపాయలు. రెండు పళ్ళ సందులో దాక్కున్న పుచ్చు అద్దంతో కనబడదు, ఎక్స్‌రే లేకుండా "మీ పళ్ళన్నీ బాగున్నాయి" అని రాసివ్వలేను. ఏ పంటికి ఏముందో, తొందరుందో ఆగొచ్చో చీటీ మీద తెలుగులో రాసిస్తాం. ఎస్టిమేట్ అడిగినా ఆ రోజు ఇవ్వం. ఆ చీటీ పట్టుకుని ఏ డెంటిస్ట్ దగ్గరికైనా వెళ్ళండి. మాది ధర్మాసుపత్రి కాదు, అద్దె కడతాం, ఇద్దరు అసిస్టెంట్లకి జీతాలిస్తాం. చూపించుకున్నవాళ్ళలో కొందరు మా దగ్గరికే వస్తారన్న ఆశ మాకూ ఉంది. దాచేదేం లేదు.

అడ్డపొగ మచ్చల్లో అనుమానం ఉన్నవాళ్ళని కేజీహెచ్‌కో, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో పంపుతాం. తోడు ఎవరూ లేకపోతే మా అసిస్టెంటు ఒకమ్మాయి ఆ సోమవారం వెంట వెళ్తానంది.

టోకెన్లు ఫోన్లో ఇస్తాం, పైనున్న కాల్ బటన్ నొక్కితే చాలు. రోజుకి పది టోకెన్లు విడిగా ఉంచాం, ఫోన్ లేని పెద్దవాళ్ళు నేరుగా వచ్చినా చూస్తాం. బీపీ, షుగర్ మందుల చీటీ తెచ్చుకోండి, ఏదైనా తినే రండి. మీ ఇంటికి చేపలు తెచ్చే అమ్మమ్మకి ఈ మాట చెప్పండి. నొప్పి లేదంటుంది, అయినా తీసుకురండి. చుట్ట గుమ్మం దగ్గర పెట్టి రావచ్చు, వెళ్ళేటప్పుడు మేం తిరిగి ఇచ్చేస్తాం.