పాడేరు జీతం, అనంతపురం జీతం

చిట్టీ,

ఫీల్డు కోఆర్డినేటరు ఉద్యోగానికి రెండు స్వచ్ఛంద సంస్థలు ఇచ్చాయని నువ్వు పంపిన ఆఫర్ లెటర్లు చదివాను. పాడేరు వాళ్లు నెలకు 32,000 ఇస్తామన్నారు, అనంతపురం వాళ్లు 28,000. నాలుగు వేలు ఎక్కువ కదా అని నీ మనసు పాడేరు మీదుంది. అక్కడి పని నచ్చి వెళ్తానంటే సరే. జీతం చూసి మాత్రం వెళ్లకు. ఎందుకో లెక్క చెప్తాను.

పాడేరు లెటర్ రెండో పేజీలో 'కన్సల్టెంట్' అని రాశారు, చూశావా? అంటే నువ్వు ఆ సంస్థ ఉద్యోగివి కావు. పీఎఫ్ ఉండదు, ఆరోగ్య బీమా ఉండదు. పన్ను కింద ముందే 10 శాతం టీడీఎస్ పట్టుకుని చేతికి 28,800 ఇస్తారు. ఆ 3,200 పోయినట్టు కాదులే. నీ ఆదాయానికి కొత్త పద్ధతిలో పన్ను పడదు కాబట్టి రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది. కాకపోతే ఏడాది ఆగాలి.

అసలు చిక్కు కాంట్రాక్టు 11 నెలలే కావడం. మళ్లీ కొత్త కాంట్రాక్టు ఇచ్చేలోపు నెల ఖాళీ వచ్చిందనుకో, 3,52,000 రూపాయలతో 12 నెలలు గడపాలి. నెలకు 29,333 అయింది. పైగా ఊళ్లు తిరగడానికి బండి ఖర్చు నీదే. రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున 20 రోజులంటే, మైలేజీ 45 వస్తే 18 లీటర్లు, లీటరు 108 లెక్కన సుమారు 1,900. మిగిలేది 27,400. అందులోంచే బీమా కట్టుకోవాలి.

అనంతపురం వాళ్లు బేసిక్ 15,000 చూపించారు. నీ వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోగా చేతికి 26,000 వస్తుంది. సంస్థ ఇంకో 1,800 కడుతుంది. అందులో 1,250 పింఛను ఖాతాకు పోతే, 550 నీ పీఎఫ్‌లో చేరుతుంది. అన్నీ కలిపితే 29,600. బండి ఖర్చు విడిగా ఇస్తామన్నారు, గ్రూపు బీమా కూడా ఉంది. కానీ ఒక్కమాట అడగాలి: ఆ 28,000 గ్రాసా, సీటీసీయా? సీటీసీ అంటే నీ మీద సంస్థ పెట్టే మొత్తం ఖర్చు. అదైతే సంస్థ వాటా కూడా అందులోంచే తీస్తారు, అప్పుడు చేతికొచ్చేది 24,200. ఫోన్లో కాదు, మెయిల్‌లో అడుగు.

ఇక జీతం ఎక్కణ్నుంచి వస్తుందో తెలుసుకోవాలి. స్వచ్ఛంద సంస్థల్లో జీతం చాలావరకు ప్రాజెక్టు బడ్జెట్‌లో ఒక పద్దు. దాత ఇచ్చే కాలం అయిపోతే ఆ పద్దుతోపాటు నీ ఉద్యోగమూ పోతుంది, నువ్వెంత బాగా పనిచేసినా సరే. "నా జీతం ఏ గ్రాంటు నుంచి, అది ఏ నెలతో ముగుస్తుంది?" అని ఇంటర్వ్యూలోనే అడగొచ్చు, తప్పేం లేదు. విదేశీ నిధులైతే, వాటిని తీసుకోవడానికి సంస్థకు ఉండాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గడువు చూడు. అది ఐదేళ్లకోసారి రెన్యువల్ కావాలి. గడువు దాటితే సంస్థ ఆ డబ్బు తీసుకోలేదు, వాడలేదు. fcraonline.nic.in లో సంస్థ పేరుతో వెతుకు.

కంపెనీలు సమాజ సేవకు ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బుతో నడిచే చోట బాధ వేరు. మొదటి విడత డబ్బు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇస్తేగానీ రెండో విడత రాదు. ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యాక కంపెనీ బోర్డు బడ్జెట్‌కు ఆమోదం తెలిపేదాకా చాలాచోట్ల డబ్బు కదలదు. అందుకే వేసవిలో జీతాలు ఆలస్యమవుతాయి. ఇది హెచ్చార్ చెప్పరు. అక్కడ పనిచేసే ఫీల్డు వాళ్లలో ఒకరిని "ఈ ఏడాది మే నెల జీతం ఎప్పుడు పడింది?" అని అడుగు. జూలైలో పడిందంటే వచ్చే ఏడాదీ అంతే.

దీనికి మందు చేతిలో మూడు నెలల ఖర్చు ఉండటమే. గది అద్దె, తిండి, ఫోను, బస్సు కలిపి నీకు 14,000 దాకా అవుతుంది. అంటే 42,000. నెలకు ఆరు వేలు పక్కన పెడితే ఏడు నెలల్లో చేరుతుంది. అవి చేరేదాకా ఈఎంఐ మీద బండి కొనొద్దు, ఇక్కడికీ డబ్బు పంపొద్దు. అమ్మ గొణుగుతుందిలే, ఆమెకు నేను చెప్తాను.

ఫీల్డు కోఆర్డినేటరుగానే ఉంటే జీతం ఏటా కొద్దికొద్దిగానే పెరుగుతుంది. ఎక్కువ ఇచ్చేది ప్రపోజల్, దాని బడ్జెట్ రాయగలిగేవాళ్లకు. చేరిన ఏడాదే యుటిలైజేషన్ సర్టిఫికెట్ తయారుచేసేటప్పుడు అకౌంటెంటు పక్కన కూర్చో. ఏ పద్దులో డబ్బు మిగిలిపోతుందో, దేనికి చాలదో అక్కడే తెలుస్తుంది.

గ్రాసా, సీటీసీయా అన్నదానికి వాళ్ల జవాబు రాగానే నాకు పంపు. సంతకం ఆ తర్వాతే.

నాన్న