గడువు దాటిన బిల్లు గురించి మా కస్టమర్లకు

"బిల్లు ఎప్పుడో అకౌంట్స్‌కి పంపించేశాం. మేమేమన్నా ఎగ్గొట్టేవాళ్లమా? మళ్లీ మాకెందుకు గుర్తుచేస్తున్నారు?"

ఎగ్గొడతారని కాదండి. అకౌంట్స్‌కి వెళ్లిన బిల్లు అక్కడ ఆగిపోతే ఆ సంగతి ఆర్డరిచ్చిన మీకు తెలియదు, ప్రింటు చేసిన మాకూ తెలియదు. ఆగిందని ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. అది ఎక్కడుందో లోపలికెళ్లి అడగగలిగింది మీరే కాబట్టి మా ఉత్తరం మీకు వస్తుంది. అందులో ఏముంటుందో, మీ నుంచి మాకేం కావాలో ఒకసారి విడమరిచి చెబుతాం.

ముందు, బిల్లులు ఎందుకు ఆగుతాయో. కాస్త పెద్ద సంస్థల్లో అకౌంట్స్ వాళ్లు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తారు: మీరిచ్చిన పర్చేజ్ ఆర్డర్, సరుకు దిగినప్పుడు స్టోర్స్ వాళ్లు రాసుకున్న రసీదు, మా బిల్లు. మూడింట్లో అంకెలు ఒకటైతేనే బిల్లు ముందుకు కదులుతుంది. లేకపోతే హోల్డ్‌లో పడుతుంది. అక్కడితో కథ అయిపోదు, ఎందుకంటే చాలాచోట్ల డబ్బు రోజూ విడుదల కాదు. వారానికొకసారో, నెలకు రెండుసార్లో చెల్లింపుల రోజు ఉంటుంది. హోల్డ్‌లో ఉన్న బిల్లు ఆ రోజు దాటిపోతే, తేడా మర్నాడే తేలినా తర్వాతి విడత దాకా ఆగాల్సిందే. చిన్న తేడాకి అయిదు వారాలు పట్టేది ఇలాగే.

ఒక బిల్లు తీసుకుని చూద్దాం. 400 క్యాటలాగులకు పర్చేజ్ ఆర్డర్ 87 వచ్చింది. బైండింగ్‌లో కొన్ని పేజీలు వంకరగా పడితే పక్కన పెట్టి, మేము 392 పంపాం. బిల్లు మాత్రం ఆర్డరు చూసి 400కి కొట్టాం. స్టోర్స్ వాళ్లు లెక్కపెట్టి 392 అని రాసుకున్నారు. మార్చి 3 నాటి బిల్లు, 30 రోజుల గడువు, అంటే ఏప్రిల్ 2కి అందాలి. ఈరోజు మే 8. గడువు దాటి 36 రోజులు. ఇక్కడ తప్పు మాదే, కానీ ఎవరూ అడగకపోతే అది ఎప్పటికీ బయటపడదు.

ఇలాంటప్పుడు మా నుంచి వచ్చే ఉత్తరం ఇలా ఉంటుంది. సబ్జెక్టు లైనులోనే "బిల్లు 214, 400 క్యాటలాగులు, ఏప్రిల్ 2 గడువు" అని ఉంటుంది, ఎందుకంటే మీరు దాన్ని అలాగే అకౌంట్స్‌కి పంపినా వాళ్లు వెతుక్కోనక్కర్లేదు. లోపల:

"నమస్కారమండీ. మార్చి 3 నాటి బిల్లు 214 (400 క్యాటలాగులు, మీ పర్చేజ్ ఆర్డర్ 87) గడువు ఏప్రిల్ 2. ఈరోజు, మే 8 ఉదయం వరకు మాకు జమ కాలేదు. ఇది మీ దగ్గర ఏ దశలో ఉందో, ఏ తేదీన విడుదలవుతుందో మే 13 లోగా చెప్పగలరా? బిల్లులో గానీ సరుకులో గానీ తేడా ఉంటే ఆ మాటే రాయండి, సరిచేస్తాం. ఈపాటికే చెల్లించి ఉంటే తేదీ, బ్యాంకు లావాదేవీ నంబరు పంపితే మా పుస్తకంలో సరిచూసుకుంటాం. బిల్లు నకలు జతచేశాం."

అంతే. ఇంతకన్నా పొడుగైతే చదవరు. "మర్చిపోయినట్టున్నారు" అని ఎక్కడా రాయం. మర్చిపోయారో, హోల్డ్‌లో పడిందో, మా బిల్లే మీకు చేరలేదో మాకు తెలియదు. "వీలైనంత త్వరగా" అనీ రాయం. వినడానికి మర్యాదగానే ఉంటుంది కానీ, ఆ మాటకి తేదీ లేదు. మీ అకౌంట్స్ అతని బల్లమీద తేదీ ఉన్న కాగితాలన్నీ అయ్యాకే దాని వంతు వస్తుంది. "ఈరోజు ఉదయం వరకు" అన్న ముక్క మాత్రం తప్పనిసరిగా ఉంటుంది. మీరు నిన్న సాయంత్రమే పంపి ఉండొచ్చు, అది దారిలో ఉండొచ్చు. ఆ సంగతి మాకూ తెలుసని చెప్పడం అది.

మీ కొత్త ఆర్డరు ప్రూఫు నడుస్తుంటే దాని మాట ఈ ఉత్తరంలో కలపం, వేరే మెయిల్‌లో పంపుతాం. రెండూ కలిపితే "ప్రూఫు బాగుంది, రంగు కొంచెం తగ్గించండి" అని జవాబు వస్తుంది, బిల్లు ఊసు ఉండదు. పైగా పాత బాకీ తేలితేనే కొత్త పని అన్నట్టు వినబడుతుంది, మా ఉద్దేశం అది కాకపోయినా. మీ పైవాళ్లను కాపీలో పెట్టడం కూడా మొదటి ఉత్తరంలో చేయం. అది గుర్తుచేయడం అవదు, ఫిర్యాదు అవుతుంది.

జతచేసిన బిల్లు మీద పెద్దక్షరాల్లో "నకలు" అని ఉంటుంది. దాని నంబరూ తేదీ పాతవే. ఇది పట్టింపు కాదు. నకలు అన్న ముద్ర లేకుండా పంపితే కొత్తగా చేరినవాళ్లు దాన్ని ఇంకో బిల్లుగా ఎక్కించేస్తారు. అప్పుడు రెండుసార్లు డబ్బు రావచ్చు, లేదా ఒకే నంబరు రెండుసార్లు కనబడిందని సిస్టమ్ రెండోదాన్ని ఆపేస్తుంది. ఏది జరిగినా విప్పుకోవడానికి ఇంకో వారం.

ఇప్పుడు మీ జవాబు. "అకౌంట్స్‌కి చెప్పాను" అంటే సంతోషమే కానీ దాంతో మేం చేయగలిగిందేమీ లేదు. మీరు లోపల మూడు మాటలు అడిగితే చాలు: బిల్లు 214 ఎక్కిందా? ఎక్కితే ఎవరి సంతకం దగ్గర ఉంది? తర్వాతి చెల్లింపుల రోజు ఏది? మొదటిదానికి జవాబు "లేదు" అయితే నకలు ఉంది కదా, అదే ఇచ్చేయండి. రెండోదానికి "హోల్డ్‌లో ఉంది" అంటే ఎందుకని అడిగి, ఆ కారణం వాళ్ల మాటల్లోనే మాకు పంపండి. "మా స్టోర్స్ లెక్క 392, మీ బిల్లు 400" అన్న ఒక్క లైను వస్తే ఆ రోజే మా వైపు పని మొదలవుతుంది.

ఆ పని ఏమిటంటే, 8 కాపీల విలువకి క్రెడిట్ నోట్ ఇవ్వడం. పాత బిల్లు రద్దుచేసి 392కి కొత్తది కొట్టమని చాలామంది అడుగుతారు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది నిజమే. కానీ కొత్త బిల్లుకి కొత్త తేదీ పడుతుంది, మీ సిస్టమ్ ఆ తేదీ నుంచి మళ్లీ 30 రోజులు లెక్కపెడుతుంది. మే 11న కొత్త బిల్లు కొడితే గడువు జూన్ 10కి వెళ్తుంది. క్రెడిట్ నోట్ అయితే పాత బిల్లు పాత తేదీతోనే ఉంటుంది, అందులోంచి 8 కాపీల విలువ తగ్గుతుంది, తర్వాతి చెల్లింపుల రోజుకే డబ్బు కదులుతుంది. మీ అకౌంట్స్ వాళ్లు కొత్త బిల్లే కావాలని పట్టుబడితే ఇస్తాం, అందులో "బిల్లు 214కి బదులు, అసలు గడువు ఏప్రిల్ 2" అని రాస్తాం. పాత గడువునే లెక్కలోకి తీసుకోమని మీరు కూడా ఒక మాట చెప్పాల్సి ఉంటుంది, ఆ లైను చూసి సిస్టమ్ తనంతట తాను మారదు.

తేడా కాపీల సంఖ్యలో కాకుండా నాణ్యతలో ఉంటే, అంటే కవర్ల మీద రంగు ప్రూఫులో ఉన్నట్టు రాలేదనుకుంటే, మొత్తం బిల్లు ఆపకండి. కవర్లకీ క్యాటలాగులకీ బిల్లులో వేర్వేరు లైన్లు ఉంటాయి. పేచీ లేని లైను విడుదల చేయించి, పేచీ ఉన్నదాని గురించి రెండు శాంపిల్ కాపీలు పంపండి. ప్రూఫు పక్కన పెట్టి చూసి మాట్లాడుకుందాం. కాగితం ఇచ్చేవాళ్లకి మేమూ 30 రోజుల్లో కట్టాలి, ఆ గడువు మీ బిల్లుకోసం ఆగదు. అయిదు వారాల ఆలస్యం మాకు ఎక్కడ తగులుతుందని అడిగితే, అక్కడే.

ఒక్కోసారి డబ్బు వచ్చాక కూడా మా ఉత్తరం వస్తుంది, అది మీకు చిరాకు తెప్పిస్తుంది. దానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: బ్యాంకులో మొత్తం పడింది కానీ ఏ బిల్లుకో రాయలేదు. మూడు బిల్లులు కలిపి, అందులోంచి పన్నో బ్యాంకు చార్జీలో తగ్గించి ఒకే మొత్తంగా వేస్తే, ఆ అంకె మా ఏ బిల్లుతోనూ కలవదు. పంపిన రోజు "214, 219, 226, ఇంత తగ్గించాం" అని ఒక్క లైను మెయిల్ చేస్తే మా పుస్తకంలో అదే రోజు మూడూ చెల్లిపోతాయి.

మే 13 దాకా ఏ జవాబూ రాకపోతే 14న ఫోన్ చేస్తాం. ఉదయం పది, పదకొండు మధ్య, ఆర్డరిచ్చినవారికే. ఫోన్లో తేలినదాన్ని మధ్యాహ్నానికల్లా రెండు లైన్లలో మెయిల్ చేస్తాం: "మే 20 విడతలో బిల్లు 214 విడుదలవుతుందని చెప్పారు, కృతజ్ఞతలు." మాట మీద నమ్మకం లేక కాదు. మీరు సెలవులో ఉన్నప్పుడు మీ సీట్లో కూర్చున్నవారికి అది పనికొస్తుంది.

డబ్బు సర్దుబాటు కాక ఆగితే ఆ మాటే చెప్పండి. ఈ ఉత్తరాలన్నిటిలో అతి తక్కువగా వచ్చే జవాబు అది, మాకు అతి తేలికైనదీ అదే. సగం ఇప్పుడు, సగం ఫలానా తేదీకి అని రెండు తేదీలు రాసిస్తే ఆ తేదీల మధ్యలో గుర్తుచేయం. మెషిన్ ఎక్కిన పని ఆపం. ఇంకా ప్లేటు దశకి రాని కొత్త ఆర్డరు మాత్రం మొదటి సగం వచ్చేదాకా పక్కన పెడతాం, అదీ ముందే ఫోన్ చేసి చెప్పి.

ఇంకొక్కటి. మేం పంపే ఏ ఉత్తరంలోనూ కొత్త బ్యాంకు ఖాతా నంబరు ఉండదు. గడువు దాటిన బిల్లుల గురించి మా పేరుతోనే దొంగ మెయిల్ పంపి "ఖాతా మారింది, ఇందులో వేయండి" అనడం తెలిసిన మోసమే. అలాంటిది వస్తే దానికి జవాబివ్వకండి, అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేయకండి. మీ దగ్గరున్న పాత బిల్లు మీద ఉన్న ఫోన్ నంబరుకి చేసి అడగండి.