పగిలిన గట్టిమేళం సౌండు ఎంతవరకు బాగవుతుందంటే

"అన్నా, తాళి కట్టేటప్పుడు సౌండంతా పగిలిపోయింది. పంతులుగారి మంత్రం వినబడేలా చేయగలరా?"

మేళం చాలావరకు దారికొస్తుంది. మంత్రానికి మాత్రం మాట ఇవ్వలేను. ముహూర్తాలు మొదలయ్యాక మన గుంటూరు షాపుకి ఇలాంటి ఫైళ్లే ఎక్కువ వస్తున్నాయి కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతున్నా.

ఈమధ్య చేసిన ఒక పెళ్లి వీడియోలో ఫోను డోలు పక్కనే ఉంది. గట్టిమేళం అందుకోగానే సౌండు ఫోను పట్టగలిగిన హద్దు దాటిపోయింది. స్క్రీను మీద పెద్దది చేసి చూస్తే అలల కొనలు కత్తిరించినట్టు చదునుగా ఉన్నాయి. ఆ చదునులో అసలు అల ఏమీ మిగలదు. అటూ ఇటూ ఉన్న వంపును బట్టి సాఫ్ట్‌వేర్ అంచనా కట్టి కొన గీస్తుంది, అంతే. డోలు దెబ్బ దగ్గర చదును మిల్లీసెకను లోపే ఉంది, అంటే 48 కిలోహెర్ట్జ్ రికార్డింగులో 48 శాంపిళ్ల లోపు. అంత చిన్న ఖాళీకి అంచనా బాగానే కుదురుతుంది. డీజే బేస్‌కి అలా కుదరదు, దాని ఒక్కో చదునూ చాలాసేపు సాగుతుంది. ఆ సమయంలో దాని మీద పడిన గొంతు కూడా పోయినట్టే.

నేను ముందు 32 బిట్ ఫ్లోట్‌లోకి మార్చి వాల్యూమ్ తగ్గిస్తాను, కొత్తగా వచ్చే కొనలకు చోటుండాలి కదా. ఆ తర్వాతే డీక్లిప్, అంటే తెగిన కొనల్ని తిరిగి గీయించడం. నాయిస్ తీయడం, ఈక్యూ అన్నీ దాని వెనకే. Audacity సాఫ్ట్‌వేర్‌లో ఈ పని చేసే Clip Fix లో, ఎక్కడి నుంచి పగిలినట్టు లెక్కించాలో చెప్పే థ్రెషోల్డ్‌ని చదును గీతకు కాస్త కిందే పెట్టాలి. మరీ దించితే బాగున్న అలల్ని కూడా అది తిరగరాస్తుంది, డోలు దెబ్బలో పదును పోయి మొద్దుగా వినబడుతుంది.

ఆ పెళ్లిలో గరగర దాదాపు పోయింది, సన్నాయి తేటపడింది. "మాంగల్యం తంతునానేన" తర్వాతి మాటలు మాత్రం రాలేదు. వెనక వరసలో పెళ్లికూతురి బాబాయిగారి ఫోనులో అవి సన్నగా, పగలకుండా ఉన్నాయి. డోలు దెబ్బను గుర్తుగా పెట్టుకుని రెండింటినీ కలిపాను. రెండు ఫోన్ల గడియారాలు కచ్చితంగా ఒకేలా నడవవు కాబట్టి మధ్యలో మళ్లీ సరిచేయాల్సి వచ్చింది. మంత్రం ఏ ఫోనుదో వాళ్లకి చెప్పే ఇచ్చాను.

ఇకపై వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే పని మొదలుపెట్టను. అది మళ్లీ కంప్రెస్ అవుతుంది, చదును కొనలు చెరిగిపోయి ఎక్కడ పగిలిందో సాఫ్ట్‌వేర్‌కి సరిగా దొరకదు. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో తెండి. చుట్టాల ఫోన్లలో ఉన్నవీ అడిగి తెచ్చుకోండి, దూరం నుంచి తీసినదే ఎక్కువసార్లు అక్కరకొస్తుంది. ముందు ఒక చిన్న ముక్క ఉచితంగా చేసి వినిపిస్తాను. నచ్చితేనే మిగతా పని, డబ్బులూ అప్పుడే.