ఆవకాయ కబురు స్పామ్‌లో ఎందుకు పడిందంటే

"ఏమండీ, ఈ ఏడు ఆవకాయ పెట్టారా లేదా? మెయిల్ రాలేదేంటని వెతికితే స్పామ్‌లో ఉంది, లాటరీ మెయిళ్ల పక్కన!"

పెట్టామండీ. తప్పు నాదే.

మార్చిలో మెయిళ్ల పని ఒక ఏజెన్సీకి అప్పగించాను. మన జాబితాలో 2,300 మంది, అందరూ అడిగి చేరినవాళ్లే. ఏజెన్సీవాళ్లు ఎక్కడో కొన్న 9,000 అడ్రస్‌లు దానికి కలిపి ఒక్క పూటలో పంపేశారు. సబ్జెక్టు "చివరి అవకాశం!!! త్వరపడండి". లోపల 14 లింకులు, అన్నీ అసలు సైటు పేరు కనబడని పొట్టి లింకులే. మోసగాళ్లు కూడా వాడే ఆ పొట్టి లింకుల మచ్చ మనకీ అంటుకుంది. అయినా మా అమ్మ కలిపిన పచ్చడికి చివరి అవకాశమేంటండీ!

కొన్న అడ్రస్‌లలో చాలావరకు చచ్చినవే, మెయిళ్లు తిరిగొచ్చాయి. అందినవాళ్లు స్పామ్ బటన్ నొక్కారు. ఆ నొక్కేవాళ్లు వెయ్యిలో ఒకరి లోపే ఉండాలని, ముగ్గురిదాకా పోకూడదని జీమెయిల్ చెబుతుంది. మాకు ఆ రోజు వెయ్యికి 11 మంది.

ఇంకోటి. ఆ మెయిల్లో Show original నొక్కి చూస్తే, పంపింది ఎవరో తేల్చే మూడు పరీక్షల్లో SPF: PASS, DKIM: PASS, కింద DMARC: FAIL. ఉత్తరం మీద పేరు మనది, ముద్ర ఏజెన్సీ డొమైన్‌ది. రెండూ కలవలేదు.

ముందు నేను మాటల్ని అనుమానించాను. ఆఫర్లూ ఆశ్చర్యార్థకాలూ తీసేసి నాలుగు ముక్కల ఉత్తరం పంపితే అదీ స్పామ్‌కే పోయింది. అప్పుడర్థమైంది, చెడింది మాట కాదు, పేరు.

"కొత్త డొమైన్ కొనండి, వెయ్యి రూపాయలు కూడా కాదు" అంది ఏజెన్సీ. నాలుగు రాత్రులు నిద్ర లేదు. కొత్త పేరుకి మచ్చ ఉండదు, నిజమే. పరపతి కూడా ఉండదుగా, ఫిల్టర్లు దాన్నీ అనుమానంగానే చూస్తాయి. అసలు సంగతి వేరే: ఇప్పుడున్న పేరు 12 ఏళ్లుగా మా జాడీ మూతల మీద ఉంది. అప్పులవాళ్లకి మొహం చాటేసినట్టు పేరు మార్చుకోవాలా? మార్చను. మార్చింది ఏజెన్సీని.

కొన్న అడ్రస్‌లన్నీ తీసేశాను. ఏడాదిగా తెరవనివాళ్లనీ తీసేస్తే 1,400 మంది మిగిలారు. ముద్ర మన డొమైన్‌దే పెట్టించాను. ముందు ఈమధ్య ఆర్డరిచ్చిన 150 మందికే పంపాను. ఫిర్యాదులు రాలేదని చూసుకుని 300 చేశాను. తొందరపడను. ఉత్తరంలో ఆర్డరుకి ఒక్క లింకు, మన సైటుదే. ఇన్ని లింకులే ఉండాలన్న లెక్కేం లేదు, ఎవరి లింకన్నదే ముఖ్యం.

స్పామ్‌లో కనిపిస్తే తెరిచి Not spam నొక్కండి. అక్కర్లేదనుకుంటే కింద "ఇక వద్దు" నొక్కండి, ఏమీ అనుకోను. స్పామ్ బటన్ మాత్రం నొక్కకండి.

ఆవకాయ 40 కిలోలే మిగిలింది. ఇది ఏజెన్సీ రాసిన మాట కాదు.