వార్షిక నివేదిక: పార్కింగ్ స్థలంలో ఏటవాలు గీతలా, నిలువు గీతలా?

సభ్యులకు నమస్కారం. సీతమ్మధారలోని మన సంఘం పార్కింగ్ స్థలానికి కొత్తగా గీతలు వేయించడం ఈ ఏడాది మేము చేపట్టిన ముఖ్యమైన పని. గీతలు ఏటవాలుగా వేస్తే నడిమి దారి ఇరుకైనా సరిపోతుందని, అందువల్ల ఎక్కువ కార్లు పడతాయని సర్వసభ్య సమావేశంలో పలువురు సూచించారు. ఇది సహేతుకమైన సూచనే కనుక టేపుతో కొలిచి, నేలపై ముగ్గుపిండితో గీసి చూసిన తరువాతే నిర్ణయం తీసుకున్నాము.

స్థలం పొడవు 40 మీటర్లు, వెడల్పు 16 మీటర్లు. ఒక్కో కారుకు 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు కేటాయించాము. దారికి లంబంగా, అంటే నిలువుగా గీస్తే రెండు వరుసలకు 10 మీటర్లు పోను, ఎదురెదురుగా కార్లు నడిచేందుకు 6 మీటర్ల దారి మిగులుతుంది. వరుసకు 16 చొప్పున లెక్కప్రకారం 32 కార్లు పడతాయి.

60 డిగ్రీల ఏటవాలులో, ఒకవైపే నడిచే దారికి 4.5 మీటర్లు చాలు. అయితే కారు ఏటవాలుగా నిలిచినప్పుడు దారి వెంబడి 2.5 కాక దాదాపు 2.9 మీటర్లు ఆక్రమిస్తుంది, పైగా వరుస రెండు చివరలా ముక్కోణపు ఖాళీలు వృథా అవుతాయి. అందువల్ల వరుసకు 13 చొప్పున 26 కార్లే పట్టాయి. 45 డిగ్రీలలో 3.6 మీటర్ల దారి సరిపోయినా కార్ల సంఖ్య 20కి పడిపోయింది. గోడ పక్కన మిగిలిన 1.8 మీటర్ల పట్టీలో బైకును గోడకు ఎదురుగా నిలిపితే దాని వెనుక చక్రం కార్ల గీతల మీదికి వచ్చింది.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు గేటుతో వచ్చింది. ఒకవైపే నడిచే దారికి రెండో చివర బయటికి మార్గం ఉండాలి. మనకు ఆ చివర కొండవైపు రిటైనింగ్ గోడ ఉంది. ఏటవాలు గీతలు వేస్తే చోటు దొరకని కారు 40 మీటర్లూ వెనక్కే రావాలి.

నిలువు గీతలకూ ఒక మినహాయింపు తప్పలేదు. గోడ పక్కనున్న ఆఖరి గడి నుంచి వెనక్కి తీసిన కారుకు గేటువైపు ముందుభాగం తిప్పుకునే జాగా చాలలేదు. అందుచేత చివరి గడులు రెండింటినీ పసుపు చారలతో మలుపు కోసం ఖాళీగా ఉంచి, 30 గడులు ఖరారు చేశాము. మరికొంత చోటు కలిసివస్తుందేమోనని దారిని 5.5 మీటర్లకు కుదించి చూడగా, పొడవాటి కారు ఒక్క మలుపులో గడిలోకి రాలేక రెండుసార్లు ముందుకూ వెనక్కూ ఆడవలసి వచ్చింది. కనుక 6 మీటర్లను తగ్గించలేదు.

ఏటవాలు గడిలోకి కారు దించడం సులువన్నది, ముఖ్యంగా పెద్ద వయసు సభ్యులకు, వాస్తవమే. మన స్థలం వెడల్పు 15.7 మీటర్లే అయివుంటే, 6 మీటర్ల దారితో రెండు నిలువు వరుసలు పట్టేవి కావు. అప్పుడు వెనుక గోడలో రెండో గేటు పెట్టించి 60 డిగ్రీలనే ఎంచుకునేవాళ్ళము. ఆ 30 సెంటీమీటర్లను కాపాడుకోవడానికే గోడ వెంబడి పూలకుండీలు పెట్టవద్దని సభ్యులందరినీ కోరుతున్నాము.