సింక్ దగ్గర నిలబడ్డవారి వాటా ఎంత? కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక రెస్టారెంట్‌లో కెప్టెన్‌గా చేస్తున్నాను. పదమూడేళ్ల కిందట ఈ లైన్‌లోకి వచ్చింది మాత్రం వేరే చోట, గిన్నెలు కడిగేవాడిగా. తర్వాత టేబుళ్లు తుడిచాను, సప్లయర్‌నయ్యాను. అందుకే టిప్పు డబ్బు కిచెన్ తలుపుకి ఇటువైపు ఎలా ఉంటుందో, అటువైపు ఎలా ఉంటుందో రెండూ తెలుసు.

ఆ మొదటి హోటల్లో నెలాఖరున మేనేజర్ ఒక కవరు చేతిలో పెట్టాడు. లోపల రెండు వంద నోట్లు, ఒక యాభై. సర్వీస్ చార్జ్ వాటా అన్నాడు. మొత్తం ఎంత వసూలైంది, ఎవరికి ఎంత ఇచ్చారు అని అడిగితే, "బ్రేకేజ్ పోను మిగిలింది ఇంతేరా" అన్నాడు. ఆ నెల నా చేతిలో పగిలింది ఒక్క సూప్ కప్పు. దాని ఖరీదు ఎంత రాశారో, అసలు రాశారో లేదో ఈరోజుకీ నాకు తెలియదు.

సర్వీస్ చార్జ్ మీద ఇన్నాళ్లూ జరిగిన గొడవంతా కస్టమర్‌కీ యజమానికీ మధ్యే. దాన్ని బిల్లులో తప్పనిసరిగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ సంఘాలు కోర్టుకెళ్లాయి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. కస్టమర్ ఇష్టపడి ఇస్తే తీసుకోవచ్చు, బలవంతం కుదరదు. మంచిదే. కోర్టులో సంఘాలు చెప్పిన వాదనల్లో ఒకటి, ఈ డబ్బు స్టాఫ్‌కి మేలు చేస్తుందని. చేస్తే సంతోషమే. ఎంత చేసిందో చూపించే కాగితం మాత్రం నేను పనిచేసిన నాలుగు చోట్లా నా కంటపడలేదు.

కార్డు టిప్పు డబ్బు ఎవరిదనే విషయంలో సుప్రీంకోర్టు 2016లో ఐటీసీ హోటళ్ల కేసులో ఒక మాట తేల్చింది. అది ఆదాయపు పన్ను కేసు. కార్డు మీద కస్టమర్ ఇచ్చిన టిప్పు జీతం కిందికి రాదని, యజమాని దాన్ని ఉద్యోగుల తరఫున నమ్మకంగా పట్టుకుని ఉంటాడే తప్ప అది అతని సొమ్ము కాదని కోర్టు అంది. నమ్మకంగా పట్టుకున్న సొమ్ముకి లెక్క ఉండాలి కదండీ. అడిగేది అంతే.

ఒకప్పుడు టిప్పు నోటు రూపంలో ఫోల్డర్‌లో ఉండేది, సోంపు గింజల పక్కన. ఇప్పుడు చాలామంది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి బిల్లుతో పాటే యాభయ్యో వందో కలిపి కొట్టేస్తున్నారు. అది నేరుగా యజమాని ఖాతాలో పడుతుంది. "అన్నా, నీకు వంద కలిపాను" అని కస్టమర్ నవ్వుతూ వెళ్తాడు. ఆ వంద క్యాష్ కౌంటర్‌లో "ఎక్కువ వచ్చిన మొత్తం" అయి కూర్చుంటుంది. బిల్లింగ్ కంప్యూటర్‌లో టిప్పుకి వేరే పద్దు పెట్టుకోవచ్చు. మా దగ్గర పెట్టారు. క్యాషియర్ ఆ గడి నింపితే రాత్రి డే ఎండ్ రిపోర్టులో మొత్తం కనిపిస్తుంది. నింపకపోతే ఎలా పట్టుకోవాలంటే, బిల్లుల మొత్తాన్ని కార్డు, యూపీఐ ద్వారా వచ్చిన మొత్తంతో పోల్చాలి. క్యాష్ బిల్లులు తీసేశాక డబ్బు ఎక్కువగా తేలితే, ఆ ఎక్కువే టిప్పు. మీ ఇన్‌స్పెక్టర్‌కి ఒక నెల రిపోర్టులు ముందు పెడితే గంటలో తేలిపోతుంది.

పంచడం కూడా బ్రహ్మవిద్యేమీ కాదు. పెద్ద హోటళ్లలో పాయింట్ల పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. ఇరవై మంది ఉన్న మామూలు రెస్టారెంట్‌ని తీసుకుందాం. కెప్టెన్లు ఇద్దరు, ఒక్కొక్కరికి 5 పాయింట్లు. సప్లయర్లు ఆరుగురు, వంట మాస్టర్లు నలుగురు, వీళ్లకి నాలుగేసి. కిచెన్ హెల్పర్లు నలుగురు, టేబుల్ క్లీనర్లు ఇద్దరు, గిన్నెలు కడిగేవాళ్లు ఇద్దరు, వీళ్లకి మూడేసి. ఎవరి పాయింట్లను వాళ్లు పనికొచ్చిన రోజులతో గుణించాలి. నెలకి 26 పని దినాలనుకుంటే, ఒక సప్లయర్ ఆరు రోజులు ఊరెళ్లాడనుకుంటే, అందరివీ కలిపి 1,900 వస్తుంది. ఆ నెల కస్టమర్లు ఇష్టపడి ఇచ్చిన సర్వీస్ చార్జ్ 39,000, కార్డు, యూపీఐ టిప్పులు 18,000 అనుకోండి. మొత్తం 57,000ని 1,900తో భాగిస్తే పాయింటుకి రోజుకి 30 రూపాయలు. నెలంతా వచ్చిన సప్లయర్‌కి 3,120, ఊరెళ్లినవాడికి 2,400, కెప్టెన్‌కి 3,900. సింక్ దగ్గర నిలబడ్డ మనిషికి 2,340. ఇదంతా ఒకే పేజీలో పడుతుంది. ఆ పేజీని అటెండెన్స్ రిజిస్టర్ పక్కన గోడకి అంటిస్తే, ఎవరి లెక్క వాళ్లు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి చూసుకుంటారు.

మా సప్లయర్లకి ఇది అంత సులువుగా మింగుడుపడదు. "కస్టమర్ ముందు నిలబడి తిట్లు తినేది మేము, వాటా అందరికీనా?" అంటారు. అందులో న్యాయం లేకపోలేదు. అందుకే చేతికిచ్చిన నోటు జోలికి చట్టం వెళ్లకూడదని నా అభిప్రాయం. దాన్ని గుంజుకోబోతే జేబుల్లో దాచుకోవడం మొదలవుతుంది, గొడవలవుతాయి. చాలా చోట్ల సప్లయర్లే రోజు చివర్లో టేబుల్ క్లీనర్‌కి ఇరవయ్యో ముప్పయ్యో ఇస్తారు. అది వాళ్లలో వాళ్లు చూసుకుంటారు. యజమాని ఖాతా గుండా వెళ్లే ప్రతి రూపాయీ మాత్రం లెక్కలోకి రావాలి. ఎందుకంటే ఒక టేబుల్ మీద బిర్యానీ వేడిగా, ప్లేటు శుభ్రంగా, టైముకి పడిందంటే అందులో సప్లయర్ పని సగమే.

బ్రిటన్‌లో 2024 అక్టోబర్ 1 నుంచి దీనికి చట్టం అమల్లో ఉంది. టిప్పుల్లోంచి యజమాని ఏమీ కోసుకోకూడదు, వచ్చిన నెల తర్వాతి నెల ముగిసేలోపు పంచేయాలి, రికార్డులు మూడేళ్లు ఉంచాలి, తన లెక్క చూపమని వర్కర్ అడగొచ్చు. ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లకీ వాటా వర్తిస్తుంది.

ఈ చివరి ముక్క దగ్గర మీరు కాస్త ఆగాలి సార్. మన దగ్గర గిన్నెలు కడిగే ఆడవాళ్లు చాలా చోట్ల కాంట్రాక్టర్ మనుషులు. రెస్టారెంట్ రిజిస్టర్‌లో వాళ్ల పేరే ఉండదు. పాయింట్ల పద్ధతి పెట్టిన చోట కూడా "వాళ్లు మా స్టాఫ్ కాదు" అనే ఒక్క మాటతో పక్కకి పోతారు. కాబట్టి మీ శాఖ రూల్స్ రాస్తే "ఉద్యోగులు" అని రాసి వదిలేయకండి, "ఆ ఆవరణలో పనిచేసిన ప్రతి ఒక్కరూ" అని రాయండి. యజమానికీ అతని ఇంటివాళ్లకీ పాయింట్లు ఉండకూడదు. బ్రేకేజ్ పేరుతో కోత వద్దు, పగిలిన కప్పు వ్యాపారం ఖర్చు. ఈ వాటాని చూపించి కనీస వేతనంలో తగ్గించడం అసలే వద్దు. సర్క్యులర్‌తో మొదలుపెట్టినా సరే గానీ, సర్క్యులర్‌ని యజమానులు ఎంత పట్టించుకుంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. రూల్స్‌లో చేరిస్తేనే ఇన్‌స్పెక్టర్ రిజిస్టర్ అడగగలడు.

మా దగ్గర పోయిన నెల నుంచి నేనే ఆ పేజీ తయారుచేసి గోడకి పెడుతున్నాను. యజమాని ఒప్పుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. సింక్ దగ్గరుండే ఇద్దరమ్మల పేర్లు కాంట్రాక్టర్ ఒప్పుకోక ఇంకా అందులోకి ఎక్కలేదు. అడుగున రెండు వరుసలు ఖాళీగా వదిలాను.

ఇట్లు,
ఒక రెస్టారెంట్ కెప్టెన్,
హైదరాబాద్